పేటెంటులో రాసిందంతా పేటెంటు కాదు: క్లెయిములు చదివే పద్ధతి

పేటెంటు పత్రం చేతికి రాగానే చాలామంది ముందు శీర్షిక చూస్తారు, తరువాత సారాంశం, ఆపైన బొమ్మలు. అక్కడితోనే తీర్పు అయిపోతుంది. "మన ఆలోచన వీళ్లు ముందే పట్టేశారు" అని కొందరు పని మానేస్తారు. "మన బొమ్మ వేరేగా ఉంది, మనకేం కాదు" అని మరికొందరు భాగాలు అచ్చుపోసే డైలకు ఆర్డరు ఇచ్చేస్తారు. చెన్నైలో పేటెంటు ఏజెంటుగా పనిచేస్తున్న నా దగ్గరకు ఈ రెండు రకాలవాళ్లూ వస్తుంటారు. ఇద్దరూ చదవకుండా వదిలేసింది ఒకే భాగం, పత్రం చివర అంకెలు వేసి ఉండే క్లెయిములు.

పేటెంట్ల చట్టం, 1970లోని 10వ సెక్షన్ ఈ విషయాన్ని సూటిగానే చెబుతుంది. స్పెసిఫికేషన్ అనే పేటెంటు పత్రంలో ఆవిష్కరణను పూర్తిగా వివరించాలి, దాన్ని అమలు చేయడానికి తెలిసినవాటిలో ఉత్తమమైన పద్ధతిని వెల్లడించాలి, చివర రక్షణ కోరుతున్న పరిధిని నిర్వచించే క్లెయిములు ఉండాలి. వివరణ ఉన్నది చదివినవాడు ఆ పని నేర్చుకోవడానికి. క్లెయిములు ఉన్నవి ఇతరులను ఎక్కడ ఆపవచ్చో చెప్పడానికి. పొలం దస్తావేజులో తాతల నాటి వారసత్వ కథ ఎంత రాసినా, చేతులు మారిన నేల చెక్కుబందీలో చూపినంతే కదా. పేటెంటుకు క్లెయిములే చెక్కుబందీ.

పద్ధతి చూపడానికి ఒక కల్పిత పేటెంటు తీసుకుంటాను. బల్లమీద పెట్టుకునే తడి గ్రైండరులో ఇడ్లీ పిండి వేడెక్కకుండా చూసే ఏర్పాటు అది. వివరణలో మూడు మార్గాలు రాశారు: పాత్ర చుట్టూ చల్లని నీటి తొడుగు పెట్టడం, మోటారు కింద ఫ్యాను పెట్టడం, పిండి వేడిని సెన్సరుతో కొలిచి మోటారు వేగం తగ్గించడం. మూడింటికీ విడివిడిగా బొమ్మలున్నాయి. శీర్షిక "పిండి వేడిని నియంత్రించే గ్రైండరు". అంబత్తూరు పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్న ఒక నెల్లూరు ఆయన ఇలాంటి గ్రైండరే చేయాలనుకుంటున్నారని అనుకుందాం. ఆయన నమూనాలో మూడు రాళ్లు, పాత్ర చుట్టూ నీటి తొడుగు, మూతకు బిగించిన పరారుణ సెన్సరు ఉన్నాయి. పిండి వేడెక్కితే మోటారు కాసేపు ఆగి మళ్లీ తిరుగుతుంది.

మొదటి అడుగు: సరైన పత్రం సంపాదించండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. భారత పేటెంట్లు iprsearch.ipindia.gov.in లో ఉచితంగా దొరుకుతాయి. సాధారణంగా దరఖాస్తు వేసిన 18 నెలల తరువాత దాన్ని ప్రచురిస్తారు. ఆ ప్రచురణలో ఉండే క్లెయిములు దరఖాస్తుదారుడి కోరిక మాత్రమే. పేటెంటు కార్యాలయంలోని పరీక్షకుడు అభ్యంతరాలు చెప్పిన తరువాత వాటిని కుదించడం మామూలే. పేటెంటు మంజూరయ్యేనాటికి మొదటి క్లెయిము సగానికి సగం మారిపోయి ఉండవచ్చు. మనకు కావలసినవి మంజూరైన క్లెయిములు.

అందుకని దరఖాస్తు సంఖ్య పట్టుకుని Application Status పేజీకి వెళ్లి, అక్కడి నుంచి View Documents తెరవండి. 2016 నుంచి ఈ సంఖ్యలో 12 అంకెలుంటాయి. మొదటి నాలుగూ సంవత్సరం, అయిదోది కార్యాలయం. అయిదో అంకె 4 అయితే అది చెన్నైలోని గిండీ కార్యాలయానికి వచ్చిన దరఖాస్తు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు కూడా అక్కడికే వస్తాయి. పాత దరఖాస్తులైతే సంఖ్య మధ్యలో MAS అనో CHE అనో కనిపిస్తుంది.

ఆ పత్రాల జాబితాలో మీకు కావలసినవి మూడు: మొదట దాఖలు చేసిన స్పెసిఫికేషన్, పరీక్షా నివేదికకు దరఖాస్తుదారుడు ఇచ్చిన జవాబు, చివరిగా సవరించిన క్లెయిములు. విచారణ జరిగి ఉంటే దాని తరువాత ఇచ్చిన రాతపూర్వక వాదన కూడా తీసుకోండి. తెర మీద మామూలుగా కనిపించే స్పెసిఫికేషన్ పాఠం మొదట దాఖలు చేసినదే కావచ్చు. అందులోని క్లెయిములను సవరించిన వాటితో పక్కపక్కన పెట్టి పోల్చకుండా ముందుకు వెళ్లవద్దు.

పనిలో పనిగా రిజిస్టరు పేజీ కూడా తెరవండి. పేటెంటు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, కానీ పునరుద్ధరణ రుసుము కట్టకపోతే ముందే ఆగిపోతుంది. ఆగిపోయిందని కనిపించగానే పండగ చేసుకోకండి. ఆగిన తేదీ నుంచి 18 నెలల లోపు దాన్ని తిరిగి నిలబెట్టమని యజమాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంకా మంజూరు కాని దరఖాస్తు అయితే దావా వేసే హక్కు అప్పటికి ఉండదు. మంజూరయ్యాక మాత్రం హక్కు ప్రచురణ తేదీ నుంచీ లెక్కకు వస్తుంది.

మన కల్పిత పేటెంటులో మొదట దాఖలు చేసిన 1వ క్లెయిము చాలా వెడల్పుగా ఉంది: "పిండి వేడిని అదుపులో ఉంచే సాధనం గల తడి గ్రైండరు." ఇలాగే మంజూరై ఉంటే నెల్లూరు ఆయన నమూనా నేరుగా అందులో పడేది. పరీక్షకుడు మూతకు సెన్సరు పెట్టిన ఒక పాత యంత్రాన్ని చూపించాడు. దరఖాస్తుదారుడు జవాబులో, ఆవిరి పట్టడం వల్ల మూత సెన్సరు సరిగా కొలవదని, తమది పిండిని తాకే సెన్సరు కాబట్టి వేరని రాసి, క్లెయిమును కుదించాడు. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, దీనితో తరువాత పని ఉంది.

రెండో అడుగు: స్వతంత్ర క్లెయిములను వేరు చేయండి

మంజూరైన క్లెయిములు ఇవి అనుకుందాం. వీటిలో కంప్రైజింగ్ అంటే కలిగి ఉన్న అని, వేరిన్ అంటే అందులో అని; ఈ ఇంగ్లీషు మాటలతో తరువాత పని ఉంది కాబట్టి అలాగే ఉంచాను.

1వ క్లెయిము: బల్లమీది తడి గ్రైండరు, కంప్రైజింగ్ తిరిగే స్టీలు పాత్ర, ఆ పాత్రలో కనీసం రెండు శంకాకారపు రాళ్లు, రాళ్లను పట్టి ఉంచే చట్రం, పాత్రను తిప్పే మోటారు, పిండి వేడిని కొలిచే సెన్సరు, వేడి నిర్ణీత హద్దు దాటితే మోటారు వేగాన్ని తగ్గించే నియంత్రణ సర్క్యూటు, వేరిన్, ఆ సెన్సరు చట్రానికి బిగించి ఉండి, రుబ్బుతున్నంతసేపూ పిండిని తాకుతూ ఉంటుంది.

2వ క్లెయిము: 1వ క్లెయిములోని గ్రైండరే, ఆ హద్దు 30 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నది.

3వ క్లెయిము: 1వ క్లెయిములోని గ్రైండరే, పాత్ర చుట్టూ నీటి తొడుగు ఉన్నది.

4వ క్లెయిము: పిండి రుబ్బే పద్ధతి, అందులో పిండిని తాకే సెన్సరుతో వేడిని కొలవడం, వేడి హద్దు దాటితే మోటారు వేగాన్ని తగ్గించడం.

ఇంకో క్లెయిమును పేర్కొనకుండా తనంతట తాను నిలబడేది స్వతంత్ర క్లెయిము. ఇక్కడ అలాంటివి 1, 4. మిగతా రెండూ ఆధారిత క్లెయిములు, అంటే 1లో ఉన్నదంతా వాటిలోనూ ఉన్నట్టే, దానికి తోడు ఇంకొక షరతు. జనం ఎక్కువగా తడబడేది 3వ క్లెయిము లాంటి వాటి దగ్గర. "నీటి తొడుగు కూడా పేటెంటు చేశారండీ, ఇదిగో మూడోదాంట్లో ఉంది" అంటారు. అది నిజం కాదు. 3వ క్లెయిములో పడాలంటే నీటి తొడుగుతో పాటు చట్రానికి బిగించి పిండిని తాకే సెన్సరు, వేగం తగ్గించే సర్క్యూటు, మిగతావన్నీ ఉండాలి. ఉత్త నీటి తొడుగు ఈ పేటెంటు పరిధిలో లేదు. వివరణలో దానికి పెద్ద బొమ్మే వేసినా సరే.

దీని నుంచి పని తగ్గించే ఒక సూత్రం దొరుకుతుంది. మీ వస్తువు స్వతంత్ర క్లెయిము బయట ఉంటే దాని మీద ఆధారపడిన క్లెయిములన్నిటికీ బయటే. ఆధారిత క్లెయిములు పేటెంటుదారుడికి రెండో రక్షణ వరుస లాంటివి. 1వ క్లెయిము చెల్లదని కోర్టు అన్నా 3 నిలబడవచ్చు. మీ వస్తువు వాటిలో పడుతుందా అన్న ప్రశ్నకు మాత్రం ముందు స్వతంత్ర క్లెయిములు చాలు.

అలాగని 1వ క్లెయిము దగ్గరే ఆగకండి. పద్ధతి, పరికరం, కిట్టు అంటూ వెనక వేరే స్వతంత్ర క్లెయిములు దాగి ఉంటాయి, వాటిలో షరతులు తక్కువ ఉండవచ్చు. మన 4వ క్లెయిములో చట్రం మాటే లేదు. సెన్సరును చట్రానికి కాకుండా వేరే చోట బిగించి, అది పిండిని తాకేలా పెట్టినవాడు 1 నుంచి తప్పించుకున్నా 4లో చిక్కుకుంటాడు. పద్ధతి క్లెయిమును అమలు చేసేది ఆ యంత్రాన్ని వాడేవాడు, నిజమే. కానీ తయారుచేసే ఆయన కూడా పరీక్షించడానికి, కొట్లో చూపించడానికి పిండి రుబ్బుతాడు కదా. అందుకని దాన్ని పక్కన పెట్టేయలేం.

మూడో అడుగు: క్లెయిమును ముక్కలు చేసి పోల్చండి

క్లెయిము ఎంత పొడవున్నా ఒకటే వాక్యం. దాన్ని చదవడానికి తేలిక మార్గం కామాలు, అర్ధవిరామాల దగ్గర విరిచి, ఒక్కో ముక్కను ఒక్కో వరుసలో రాసుకుని, పక్కన మీ వస్తువులో ఆ ముక్క ఉందా లేదా అని రాయడం. నియమం ఒక్కటే. అన్ని ముక్కలూ ఉంటేనే మీ వస్తువు క్లెయిములో పడుతుంది. ఒక్కటి లేకపోయినా అక్షరాలా పడదు. అందువల్ల క్లెయిము పొడుగ్గా ఉందంటే భయపడనక్కరలేదు, సాధారణంగా షరతులు పెరిగే కొద్దీ పరిధి తగ్గుతుంది. నన్ను అడిగితే భయపడవలసింది మూడు పంక్తుల క్లెయిముకు.

నెల్లూరు ఆయన నమూనాను 1వ క్లెయిముతో పోల్చి చూద్దాం. స్టీలు పాత్ర ఉంది, మోటారు ఉంది, రాళ్ల చట్రం ఉంది. రాళ్లు మూడు. క్లెయిములో "కనీసం రెండు" అని ఉంది కాబట్టి మూడు కూడా అందులోకే వస్తాయి. నీటి తొడుగు అదనంగా ఉంది. అది ఆయనను కాపాడదు. కంప్రైజింగ్ అన్న మాట ఉన్న క్లెయిములో చెప్పినవన్నీ ఉంటే చాలు, వాటికి తోడు ఇంకేమి ఉన్నా ఉల్లంఘన ఉల్లంఘనే. ఆ మాటకు బదులు కన్సిస్టింగ్ ఆఫ్ అని ఉంటే కథ మారుతుంది, అప్పుడు చెప్పినవి తప్ప వేరే భాగం ఉండకూడదు. ఈ రెండో మాట ఎక్కువగా మందులు, రసాయన మిశ్రమాల పేటెంట్లలో ఎదురవుతుంది. యంత్రాల పేటెంట్లలో అరుదు.

ఇక సెన్సరు. వేడిని కొలిచే సెన్సరు ఉంది, కానీ మూతకు ఉంది, పిండిని తాకదు. వేరిన్ తరువాత వచ్చే ఆఖరి షరతు పూర్తిగా తప్పిపోయింది. 4వ క్లెయిములోనూ తాకే సెన్సరే కావాలి, కాబట్టి అందులోనూ పడదు. అక్షరాలా చూస్తే నమూనా ఈ పేటెంటు బయట ఉంది. వేరిన్, క్యారెక్టరైజ్‌డ్ ఇన్ దట్ అనే మాటలు కనిపించిన చోట ప్రత్యేకంగా నిలబడి చదవండి. పేటెంటు తెచ్చిపెట్టిన కొత్తదనం మామూలుగా వాటి తరువాతే ఉంటుంది.

నాలుగో అడుగు: మాటల అర్థానికి వివరణ వైపు వెళ్లండి

ఇప్పటిదాకా వివరణను పక్కన పెట్టాం, ఇప్పుడు అవసరం వచ్చింది. క్లెయిములోని మాటకు పేటెంటుదారుడు తన వివరణలో ప్రత్యేకమైన అర్థం ఇచ్చి ఉంటే ఆ అర్థమే తీసుకోవాలి. నెల్లూరు ఆయన ఒకవేళ, "మూతకు ఆవిరి పడుతోంది, సెన్సరును పాత్ర అంచు గీకే స్క్రాపర్‌కు బిగిస్తాను, అది చట్రం కాదు కదా" అన్నారనుకోండి. వివరణలో వెతికితే ఒక పేరాలో ఇలా ఉంది: "ఈ పత్రంలో చట్రం అంటే రాళ్లను, స్క్రాపర్‌ను కలిపి పట్టి ఉంచే నిర్మాణమంతా, స్క్రాపర్‌తో సహా." ఆ ఒక్క వాక్యంతో స్క్రాపర్ కూడా చట్రమైపోయింది, ఆయన కొత్త ఆలోచన నేరుగా 1వ క్లెయిములోకి వెళ్లింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వివరణలో ఉన్న ఉదాహరణను తెచ్చి క్లెయిములో లేని షరతును అందులో చొప్పించకూడదు. వివరణలోని యంత్రానికి రెండు లీటర్ల పాత్ర ఉందనుకోండి. "మాది అయిదు లీటర్లు, కాబట్టి మాకు వర్తించదు" అనే వాదన నిలవదు. క్లెయిములో పాత్ర కొలత లేదు. అలాగే 2వ క్లెయిములో 30 నుంచి 36 డిగ్రీలు అని ఉన్నంత మాత్రాన 1వ క్లెయిముకు ఆ హద్దు అంటుకోదు. మీ యంత్రం 40 డిగ్రీల దగ్గర వేగం తగ్గించినా 1లో పడుతుంది. అంతెందుకు, 2వ క్లెయిములో ఆ అంకెలు విడిగా రాశారంటేనే 1వ క్లెయిము వాటికి పరిమితం కాదని అర్థం.

అయిదో అడుగు: దగ్గరి పోలికల సంగతి తేల్చుకోండి

అక్షరాలా బయట ఉన్నంత మాత్రాన పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు. క్లెయిములోని ముక్కకు బదులు మీరు పెట్టినది అదే పనిని, దాదాపు అదే తీరులో చేసి, అదే ఫలితం ఇస్తే రెండూ సమానమేనని కోర్టు భావించవచ్చు. నెల్లూరు ఆయన నమూనాలో మోటారు వేగం తగ్గదు, ఆగి మళ్లీ తిరుగుతుంది. ఈ తేడా ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆగడమంటే వేగం సున్నాకు తగ్గడమేనని ఎదుటి లాయరు అనడం ఖాయం.

సెన్సరు తేడా దీనికంటే చాలా గట్టిది. ఇక్కడ మొదటి అడుగులో గుర్తుపెట్టుకోమన్న జవాబు పనికొస్తుంది. మూత సెన్సరు తమ ఆవిష్కరణ కాదని, అది సరిగా పనిచేయదని చెప్పి పేటెంటు తెచ్చుకున్నవాడు, తరువాత కోర్టుకు వచ్చి రెండూ ఒకటేననడం కష్టం. పరీక్షకుడికి ఇచ్చిన జవాబులను చదవమని పట్టుబట్టేది ఇందుకే. కుదింపు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో అక్కడే తెలుస్తుంది.

సమానత వాదనకు హద్దు ఉందని చూపిన ఒక కేసు చెబుతాను. క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు తయారీ పద్ధతి మీద అమెరికా కంపెనీ ఎఫ్‌ఎంసీకీ హైదరాబాదు కంపెనీ నాట్కోకూ మధ్య ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. పేటెంటు పద్ధతిలో సల్ఫోనిల్ క్లోరైడు వాడతారు, నాట్కో పద్ధతిలో థయోనిల్ క్లోరైడు. చివరికి వచ్చేది అదే మందు. అయినా ఆ తేడా చిన్నదేమీ కాదని భావించి, ఉల్లంఘన జరుగుతోందన్న వాదనను 2022లో కోర్టు అంగీకరించలేదు. ఫలితం ఒకటే కావడం చాలదు, తీరు కూడా చూస్తారు.

ఆరో అడుగు: వివరించి వదిలేసినవాటి జాబితా రాయండి

ఇప్పుడు వివరణను మొదటి నుంచి చదువుతూ, క్లెయిములలో చోటు దక్కని ప్రతి ఏర్పాటునూ గుర్తించండి. మన పేటెంటులో ఫ్యాను ఏ క్లెయిములోనూ లేదు. నీటి తొడుగు తనంతట తానుగా లేదు. మూత సెన్సరు కావాలని వదులుకున్నది. క్లెయిము చేయనిది వదులుకున్నట్టేనన్నది పేటెంటు న్యాయంలో ఎప్పటి నుంచో ఉన్న మాట.

అయితే ఈ జాబితాలోవన్నీ ఎవరైనా వాడుకోవచ్చని అప్పుడే అనుకోకండి. ఒకే దరఖాస్తులో ఒకటికి మించిన ఆవిష్కరణలుంటే వాటిలో ఒకదాన్ని విడగొట్టి మరో దరఖాస్తుగా వేయడానికి 16వ సెక్షన్ వీలిస్తుంది. ఫ్యాను ఆలోచన ఈ పేటెంటులో లేకపోవడానికి కారణం అది పిల్ల దరఖాస్తులోకి వెళ్లడమే కావచ్చు. పిల్ల దరఖాస్తును తల్లి దరఖాస్తు మంజూరు కాకముందే వేయాలి. కాబట్టి మంజూరు తేదీ దాటితే తల్లి దరఖాస్తు నుంచి కొత్తవి పుట్టవు, కానీ అప్పటికే వేసినవి ఇంకా పరీక్షలో ఉండవచ్చు. అదే దరఖాస్తుదారుడి పేరుతో మరోసారి వెతకండి. తరువాత నీటి తొడుగు, ఫ్యాను అనే మాటలతో విడిగా వెతకండి, ఎందుకంటే అవి వేరేవాళ్ల పేటెంటులో ఉండవచ్చు. ఒక పత్రం చదివి తేల్చగలిగేది ఆ పత్రం అడ్డా కాదా అన్నది మాత్రమే. విదేశీ పేటెంటు అయితే దానికి భారతదేశంలో జోడు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇక్కడ చేసి ఇక్కడే అమ్మడానికి అది అడ్డం రాదు, ఆ దేశానికి ఎగుమతి చేసేటప్పుడు మాత్రం వస్తుంది.

పోలిక పట్టికను దాచుకోండి

ముక్కముక్కగా రాసిన పోలికను తేదీ వేసి, ఏ పత్రంలోని క్లెయిములతో పోల్చారో రాసి పెట్టుకోండి. నమూనా మారిన ప్రతిసారీ మళ్లీ పోల్చండి. మూత సెన్సరును స్క్రాపర్ మీదికి మార్చడం వర్క్‌షాపులో ఒక పూట పని, పేటెంటు దృష్టిలో మాత్రం అది బయటి నుంచి లోపలికి రావడం. డైల మీద డబ్బు పెట్టే ముందు ఆ పట్టికను ఒక పేటెంటు లాయరుకు చూపించండి. వట్టి పేటెంటు కాగితాలు ఇచ్చి "చూడండి" అనడం కంటే పట్టిక ఇస్తే ఆయన పని తగ్గుతుంది, మీకయ్యే రుసుము కూడా.

అనుమానం తీరకపోతే 105వ సెక్షన్ ఉంది. మీ వస్తువు పూర్తి వివరాలు రాసి, ఇది ఆయన క్లెయిములలో పడదని రాతపూర్వకంగా ఒప్పుకోమని పేటెంటుదారుడిని అడగవచ్చు. ఆయన కాదన్నా, జవాబివ్వకపోయినా ఉల్లంఘన లేదని ప్రకటించమని కోర్టును కోరవచ్చు. అయితే ఆ వ్యాజ్యం ఖర్చు మామూలుగా అడిగినవారే భరించాలి, పైగా మీ యంత్రం గుట్టంతా ముందే ఎదుటివాడి చేతిలో పెట్టినట్టవుతుంది. నెల్లూరు ఆయన పరిస్థితిలో, సెన్సరు తేడా అంత స్పష్టంగా ఉన్నప్పుడు, నేనైతే ఆ దారి పట్టమని చెప్పను.